పదహారా, అరవయ్యా? ఇంగ్లీష్‌లో ఫోన్ మాట్లాడేటప్పుడు ఇలా చేయండి

తాడిపత్రిలో ఒక బండల పాలిష్ యూనిట్‌లో ఆఫీసు పని చూసుకుంటాను. మా బండలు కేరళకు, తమిళనాడుకు, మహారాష్ట్రకు పోతాయి. కొనేవాళ్లకు తెలుగు రాదు, మాకు మలయాళం రాదు, హిందీ ఇద్దరికీ అంతంత మాత్రమే. కాబట్టి మాట్లాడుకునేది ఇంగ్లీష్‌లోనే, అదీ ఫోన్‌లోనే. మనిషి ఎదురుగా ఉంటే వేళ్లు చూపించి అయినా లెక్క చెప్పుకోవచ్చు. ఫోన్‌లో ఆ వీలు లేదు.

చేరిన కొత్తలో కొచ్చి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వంటింటి అరలకు కడప నల్ల బండలు కావాలి, ఏడు అడుగులకు రెండు అడుగుల సైజు, మందం ఇరవై ఎమ్ఎమ్. ఎన్ని ముక్కలో చెప్పాడు కానీ వెనకాల కటింగ్ మిషన్ గోల. అయినా జాగ్రత్తపరుడినే అనుకుని ఖాయం చేసుకోవడానికి అడిగాను: "సిక్స్‌టీనా సర్?" ఆయన "యెస్, యెస్" అన్నాడు. నేను అడిగింది అరవైనా అని. ఆయన విన్నది సిక్స్‌టీన్ ఆ, అంటే పదహారా అని. మన తెలుగు ప్రశ్న చివర తగిలించగానే పదహారు, అరవై రెండూ ఒకటే మాట అయిపోయాయి. అరవై ముక్కలు కోసి పాలిష్ పెట్టాక ఆయన పదహారు తీసుకున్నాడు. మిగతా నలభై నాలుగు ముక్కలు షెడ్డు గోడకు ఆనించి చాలా నెలలు ఉన్నాయి. మా ఓనరు ఏమీ అనలేదు, రోజూ వచ్చేటప్పుడు ఆ వరుస వైపు ఒకసారి చూసేవాడు, అంతే.

అప్పటి నుంచి నేర్చుకున్నది ఇక్కడ వరుసగా చెబుతాను. ఉదాహరణ మా బండల ఆర్డరే, కానీ కర్నూలు హోటల్‌లో రూమ్ బుకింగ్ తీసుకునేవాళ్లకైనా, బెంగళూరు కంపెనీ నుంచి ఇంటర్వ్యూ కాల్ వచ్చే అనంతపురం పిల్లలకైనా పద్ధతి ఇదే.

ముందు కాగితం, తర్వాత ఫోన్

ఫోన్ మోగగానే మాట్లాడుతూ బయటికి నడవడం చాలామందికి అలవాటు. కాల్‌లో మొదటి పది సెకన్లలోనే అవతలి మనిషి పేరు, ఊరు, కంపెనీ చెప్పేస్తాడు. మనం ఆ పది సెకన్లూ మిషన్ గోలలో పోగొట్టుకుని, చివరిదాకా "సర్, సర్" అంటూ నెట్టుకొస్తాం. అందుకని రెండు రింగులు ఎక్కువ మోగినా ఫరవాలేదు, ముందు నిలబడాల్సిన చోట నిలబడి ఎత్తండి. రేకుల షెడ్డు కింద సిగ్నల్ తగ్గుతుంది. మా దగ్గర గేటు పక్కన వేపచెట్టు కింద సిగ్నల్ బాగుంటుంది. అక్కడే ఒక అట్ట, దానికి క్లిప్పు, క్లిప్పుకు కాగితాలు, దారంతో కట్టిన పెన్ను వేలాడదీశాను.

ఆ కాగితం మీద ముందే ఖాళీలు ఉంటాయి: పేరు, ఊరు, సైజు, మందం, ముక్కలు, ఏ రోజుకు, జీఎస్టీ నంబరు. దీని ఉపయోగం రాసుకోవడానికే కాదు. మనం ఏది వినలేదో తెలిసేది ఖాళీని చూసే. "ఏదో మిస్సయింది" అని టెన్షన్ పడటం వేరు, "మందం ఒక్కటే రాలేదు" అని తెలియడం వేరు. రెండోది తెలిస్తేనే ప్రశ్న సరిగ్గా అడగగలం.

ఎత్తగానే మొదటి మాట మీ పేరు, యూనిట్ పేరు. "ఐ యామ్ సో అండ్ సో స్పీకింగ్" అనే బదులు "దిస్ ఈజ్" అని మొదలుపెట్టి పేరు చెబితే చాలు. "హూ ఈజ్ దిస్?" అని అడగకండి, తెలుగులో "ఎవర్రా అది" అన్నంత మొరటుగా వినిపిస్తుంది. "మే ఐ నో హూ ఈజ్ కాలింగ్?" అనండి. పేరు చెప్పగానే రాసుకుని, వెంటనే ఆ పేరుతో ఒకసారి పిలవండి. తప్పు విని ఉంటే ఆయనే సరిచేస్తాడు.

లైన్ కొంచెం గరగరలాడుతున్నా సరే, ఇంకా బాగున్నప్పుడే ఒక ఒప్పందం చేసుకోండి: "సర్, ఇఫ్ ద కాల్ డ్రాప్స్, ఐ విల్ కాల్ యు బ్యాక్." ఇది చెప్పకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. కాల్ కట్ కాగానే ఇద్దరూ ఒకేసారి డయల్ చేస్తారు, ఇద్దరికీ బిజీ వస్తుంది, ఇద్దరూ ఆగుతారు, మళ్లీ ఇద్దరూ ఒకేసారి చేస్తారు. ఎవరు చేయాలో ముందే అనుకుంటే ఆ తంటా ఉండదు. ఏమీ అనుకోకపోతే, మొదట ఫోన్ చేసినవాళ్లే మళ్లీ చేయడం మర్యాద.

"పార్డన్" ఎందుకు పనిచేయదు

వినపడనప్పుడు మనకు నోటికి వచ్చేవి మూడు: "హలో హలో", "పార్డన్", "వన్స్ అగైన్ సర్". ఇంగ్లీష్‌లో తప్పేమీ లేదు. ఇబ్బంది ఏమిటంటే, వీటిలో ఏదన్నా అవతలి మనిషి మొత్తం వాక్యం మళ్లీ చెబుతాడు. అదే స్పీడులో చెబుతాడు, అదే చోట గొంతు తగ్గిస్తాడు, అదే ముక్క మళ్లీ పోతుంది. రెండోసారి అడిగితే గట్టిగా అరుస్తాడు. మూడోసారి అడగడానికి మనకే సిగ్గేసి "ఓకే సర్" అనేస్తాం. నలభై నాలుగు ముక్కలు అలాంటి "ఓకే"లోంచే పుడతాయి.

కాబట్టి మొత్తం మళ్లీ అడగకండి. విన్నంతవరకు ఆయనకు తిరిగి చెప్పి, వినని చోట ప్రశ్న పెట్టండి. ఆయన ఇలా అన్నాడనుకోండి: "ఐ నీడ్ సెవెన్ బై టూ, ట్వంటీ ఎమ్ఎమ్, పాలిష్డ్ ఆన్ వన్ సైడ్, బై నెక్స్ట్ థర్స్‌డే." మీకు మందం దగ్గర లైన్ తెగింది. అప్పుడు అడగాల్సింది:

"సెవెన్ బై టూ, ఓకే సర్. వాట్ థిక్‌నెస్?"

ఆయన "ట్వంటీ ఎమ్ఎమ్" అని రెండు మాటలే చెబుతాడు. చిన్న జవాబు కాబట్టి స్పష్టంగా, నెమ్మదిగా చెబుతాడు. పైగా మనం మిగతాది సరిగ్గా విన్నామని కూడా ఆయనకు తెలిసిపోతుంది. ఎంతసేపు అడిగినా చికాకు పడడు.

ఎక్కడ తెగిందో దాన్నిబట్టి మాట మారుతుంది. చివర పోతే "సారీ సర్, ఐ లాస్ట్ యు ఆఫ్టర్ ట్వంటీ ఎమ్ఎమ్" అంటే సరిపోతుంది, ఆయన అక్కణ్నుంచి అందుకుంటాడు. మొదలే పోతే "సారీ, ఐ మిస్డ్ ద ఫస్ట్ పార్ట్". మధ్యలో ఒక మాట పోతే ఆ మాట చోట ప్రశ్న: "పాలిష్డ్ ఆన్ హౌ మెనీ సైడ్స్?" ఈ మూడూ నోటికి వస్తే చాలు, ఇంతకంటే పెద్ద ఇంగ్లీష్ అక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ప్రతిసారీ తప్పు లైనుది కాదు. ఒక్కోసారి లైన్ అద్దంలా ఉంటుంది, ఆయన స్పీడే మనకు అందదు. అప్పుడు కూడా "లైన్ బాలేదు" అంటే ఆయన గట్టిగా అరుస్తాడే తప్ప నెమ్మదించడు. రోగం ఒకటి, మందు ఒకటి అయిపోతుంది. స్పీడు సమస్య అయితే స్పీడనే చెప్పండి: "సర్, ఐ యామ్ రైటింగ్ దిస్ డౌన్. కుడ్ యు గో ఎ లిటిల్ స్లోవర్?" రాసుకుంటున్నాను అనే కారణం చాలా బాగా పనిచేస్తుంది. నాకు ఇంగ్లీష్ రాదని అనిపించదు, ఆయన మాటకు విలువ ఇస్తున్నట్టు ఉంటుంది. అది అబద్ధం కూడా కాదు, నిజంగా రాసుకుంటున్నాం కదా.

ఇక మాట చక్కగా వినపడి అర్థం తెలియనప్పుడు మూడో మందు. ఒక చెన్నై ఆర్కిటెక్ట్ నాతో "చామ్ఫర్డ్ ఎడ్జ్" అన్నాడు. ప్రతి అక్షరం వినపడింది, ఏమిటో తెలియదు. "రిపీట్" అని నాలుగుసార్లు అడిగినా అదే మాట వస్తుంది. "సర్, వాట్ డు యు మీన్ బై దట్? ఈజ్ ఇట్ రౌండ్?" అన్నాను. "నో నో, కట్ ఎట్ యాన్ యాంగిల్" అన్నాడు. అంటే అంచు వాలుగా చెక్కడం, మా మిషన్ వాళ్లు రోజూ చేసే పనే. తెలియదని చెప్పి, మన ఊహ ఒకటి పక్కన పెడితే, తప్పైనా సరే ఆయన దాన్ని దిద్దుతూ అర్థం చెప్పేస్తాడు.

"ఆ... ఆ..." అనే అలవాటు

తెలుగులో ఎవరైనా ఫోన్‌లో చెబుతుంటే మనం "ఆ... ఆ... సరే... ఊ" అంటూనే ఉంటాం. అనకపోతే అవతలివాళ్లు "ఉన్నావా?" అని అడుగుతారు. మన దృష్టిలో దాని అర్థం వింటున్నాను అని మాత్రమే. ఇంగ్లీష్‌లోకి రాగానే అదే "యెస్ సర్, ఓకే సర్, యెస్ సర్" అవుతుంది. అవతలి మనిషికి మాత్రం అది ఒప్పుకోవడం. ఆయన రేటు తగ్గించి చెబుతున్నప్పుడు మీరు అలవాటుగా "ఓకే, ఓకే" అన్నారంటే బేరం అయిపోయినట్టే. వింటున్నానని తెలియాలంటే "మ్ హ్మ్" చాలు, లేదా ఆగినప్పుడు "గో ఆన్, సర్" అనండి. "ఓకే" అనే మాటను నిజంగా ఒప్పుకున్నప్పటికి దాచుకోండి.

దీని పక్కనే ఇంకో గుంట ఉంది. "సో యు డోంట్ హ్యావ్ ట్వంటీ ఎమ్ఎమ్ ఇన్ స్టాక్?" అని అడిగితే, లేనప్పుడు మనం "యెస్ సర్" అంటాం, ఎందుకంటే తెలుగులో "అవును, లేదు" అంటాం. ఇంగ్లీష్‌లో "యెస్" అంటే ఉంది అని. ఇలాంటి కాదు-లేదు ప్రశ్నకు యెస్, నో రెండూ వదిలేసి "వి హ్యావ్ ఇట్" అనో, "వి డోంట్ హ్యావ్ ఇట్" అనో పూర్తిగా చెప్పడం మేలు.

అంకెలు

పదమూడు నుంచి పందొమ్మిది దాకా ఉన్న ప్రతి ఇంగ్లీష్ అంకెకూ ఒక కవల ఉంది: థర్టీన్‌కు థర్టీ, ఫిఫ్టీన్‌కు ఫిఫ్టీ, సిక్స్‌టీన్‌కు సిక్స్‌టీ. తేడా అంతా చివరి "న్"లోనూ, ఊనిక ఎక్కడ పడుతుందన్న దాంట్లోనూ ఉంది. ఆ "న్" బలహీనమైన శబ్దం, సిగ్నల్ కొంచెం తగ్గినా ముందు పోయేది అదే. సిక్స్‌టీన్ అన్నప్పుడు "టీన్" మీద ఒత్తు ఉంటుంది, సిక్స్‌టీలో "సిక్స్" మీద ఉంటుంది అని నేర్పుతారు. నిజమే, కానీ వెంటనే ఇంకో మాట వస్తే, "సిక్స్‌టీన్ పీసెస్" అన్నట్టు, ఇంగ్లీష్ పుట్టుకతో మాట్లాడేవాళ్లు కూడా ఒత్తును ముందుకు జరిపేస్తారు. మన దేశంలో అయితే చాలామంది రెండింటినీ ఒకేలా పలుకుతారు. కాబట్టి చెవిని నమ్ముకోవద్దు.

చేయాల్సింది అంకెలు విడదీసి అడగడం: "సిక్స్‌టీన్, వన్ సిక్స్? ఆర్ సిక్స్‌టీ, సిక్స్ జీరో?" రెండూ చెప్పి అడగండి. ఒక్కటే చెప్పి "కరెక్ట్?" అని అడిగితే, ఆయన కూడా సగమే విని "యెస్" అనే ప్రమాదం ఉంది, నాకు జరిగింది అదే. రెండు చెబితే యెస్ అనడానికి వీల్లేదు, ఏదో ఒకటి ఆయన నోటితో చెప్పి తీరాలి.

ఇంత చేసినా నేను ఇంకొక అడుగు వేస్తాను, లెక్క కట్టి చెబుతాను. ఏడుకు రెండు అంటే ముక్కకు పద్నాలుగు చదరపు అడుగులు. పదహారు ముక్కలైతే 224, అరవై అయితే 840. "సో టోటల్ ఈజ్ టూ ట్వంటీ ఫోర్ స్క్వేర్ ఫీట్, సర్?" అంటాను. ఆయనకు అరవై కావాల్సి ఉంటే ఆ 224 వినగానే అక్కడే ఉలిక్కిపడతాడు. ముక్కల సంఖ్య తప్పు వినపడొచ్చు, మొత్తం కూడా అదే తప్పుకు సరిపోయేలా వినపడటం కష్టం. హోటల్ వాళ్లయితే ఎన్ని రాత్రులో, చెకౌట్ ఏ తేదీయో చెప్పి ఇదే పని చేయొచ్చు.

వారాల్లో ట్యూస్‌డే, థర్స్‌డే కూడా ఇలాంటి జంటే. వారం ఒక్కటే ఎప్పుడూ రాసుకోకండి, "థర్స్‌డే, విచ్ డేట్ సర్?" అని తేదీ అడిగి రెండూ రాసుకోండి. రెండూ కలవకపోతే ఏదో ఒకటి తప్పు విన్నారు.

అక్షరాలు

మామూలు ఫోన్ లైన్ మోసేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే. స, ఫ లాంటి ఊదే శబ్దాలను వేరుచేసే బలం చాలావరకు దానికి పైన ఉంటుంది. అందుకే ఫోన్‌లో "ఎస్", "ఎఫ్" కవల పిల్లల్లా వినపడతాయి. మీ చెవి తప్పు కాదు, ఆ శబ్దం మీదాకా రానే లేదు. రెండు వైపులా 4జీలో హెచ్‌డీ కాల్ కుదిరితే 7000 హెర్ట్జ్ దాకా వస్తుంది, అప్పుడు తేడా తెలుస్తుంది. సిగ్నల్ పడిపోయి ఫోన్ పాత నెట్‌వర్క్‌లోకి దిగిందంటే మళ్లీ మొదటికే. బీ, డీ, పీ, టీ, వీ ఒక గుంపు. ఎమ్, ఎన్ ఇంకో గుంపు.

దీనికి మందు మనందరికీ తెలిసిందే, "బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ". ఒకే చిట్కా: అవతలివాళ్లకు తెలిసిన మాటే వాడండి. "పి ఫర్ పులివెందుల" అంటే కొచ్చిలో ఎవరికీ అర్థం కాదు. మన ఊరి పేర్ల విషయంలో కూడా చూసుకోవాలి. కడపను ఇంగ్లీష్‌లో రాసే తీరు 2005లో మారింది, కానీ బయటి వ్యాపారులు కొందరు ఇంకా సీతో మొదలయ్యే పాత స్పెల్లింగే రాస్తారు, మన బండను "కడప్పా" అని పిలుస్తారు. అడ్రసు చెప్పేటప్పుడు "కె ఫర్ కేరళ" అని మొదలుపెడితే లారీ బిల్లులో పేరు సరిగ్గా పడుతుంది.

జీఎస్టీ నంబరు ఫోన్‌లో రాసుకోవాల్సి వస్తే దాని కట్టుబడి తెలిసి ఉండటం చాలా పనికొస్తుంది. మొత్తం 15 స్థానాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్, మనది 37, కేరళది 32. తర్వాత పది పాన్ నంబరు: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. పద్నాలుగో చోట మామూలుగా జెడ్ ఉంటుంది. ఇది తెలిస్తే సగం ప్రశ్నలు అడగనే అక్కర్లేదు. "ఓ" అన్నాడా, "జీరో" అన్నాడా అన్న అనుమానం మూడో చోట వస్తే అది ఓ, ఎనిమిదో చోట వస్తే సున్నా. పాన్‌లో నాలుగో అక్షరం వ్యక్తి అయితే పి, భాగస్వామ్య సంస్థ అయితే ఎఫ్, కంపెనీ అయితే సి. ఆ చోట ఎస్ అని వినపడి, ఆయన సంస్థ భాగస్వామ్యం అయితే మీరు విన్నది ఎఫ్. రాసుకున్నాక నాలుగేసి అక్షరాల చొప్పున తిరిగి చదవండి, ఒక్కో గుంపు తర్వాత ఆగండి. గుక్క తిప్పుకోకుండా పదిహేనూ చదివితే ఆయన వినడు, "కరెక్ట్, కరెక్ట్" అనేస్తాడు.

వాట్సాప్‌లో పెట్టమంటే పోతుంది కదా అంటారు. నిజమే, నేనూ చివర అదే అడుగుతాను. కానీ ఆయన లారీ పక్కన నిలబడి ఉంటాడు, పెడతానని మరిచిపోతాడు, బిల్లు మాత్రం మనం ఆ సాయంత్రమే కొట్టాలి.

లైన్ నిజంగా పాడైతే

ముందు ఎవరికి వినపడట్లేదో తేల్చుకోండి. ఒక్కోసారి ఆయనకు మీరు చక్కగా వినపడుతుంటారు, మీకే ఆయన వినపడరు. అందుకని "హలో హలో" మానేసి, పనికొచ్చే మాట చెప్పండి: "సర్, ఐ కెనాట్ హియర్ యు. ఇఫ్ యు కెన్ హియర్ మీ, ఐ విల్ కాల్ బ్యాక్ నౌ." చెప్పి కట్ చేసి మళ్లీ చేయండి. కొత్త కాల్‌లో చాలాసార్లు దారి బాగుపడుతుంది.

మాట ముక్కలు ముక్కలుగా వస్తే "యు ఆర్ బ్రేకింగ్ అప్" అంటారు. మీ గొంతే మీకు తిరిగి వినపడితే సాధారణంగా అవతల స్పీకర్ పెట్టి ఉంటారు: "సర్, ఐ కెన్ హియర్ మై ఓన్ వాయిస్. ఆర్ యు ఆన్ స్పీకర్?" ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి, ఇద్దరూ ఆగిపోవడం పదే పదే జరిగితే లైన్‌లో ఆలస్యం ఉందని అర్థం. మీ మాట అవతలికి చేరడానికి కాస్త టైమ్ పడుతోంది. అప్పుడు "సారీ, గో అహెడ్" అని ఒక్కసారి అని, పూర్తిగా నోరు మూసుకోండి. ఆయన ముగించాక మనసులో ఒకటి లెక్కపెట్టి మొదలుపెట్టండి.

నేను పెట్టుకున్న హద్దు రెండుసార్లు. రెండుసార్లు మళ్లీ చేసినా లైన్ కుదరకపోతే మూడోసారి కుస్తీ పట్టను. "సర్, ద లైన్ ఈజ్ బ్యాడ్ టుడే. ఐ విల్ మెసేజ్ యు ద డీటెయిల్స్ అండ్ కాల్ ఎట్ ఫోర్" అని ఆపేస్తాను. పాడైన లైన్ మీద ఖాయం చేసుకున్న ఆర్డర్ ఏదీ బండకు రంపం పెట్టడానికి పనికిరాదు.

ఫోన్ పెట్టేయడం

తెలుగులో ఇది ఎంత సులువు! "ఉంటా సార్" అంటాం, అయిపోతుంది. ఆ "ఉంటా"కు ఇంగ్లీష్‌లో సరిపోయే మాట లేదు. "ఫోన్ పెట్టేస్తాను" అనేదాన్ని మనవాళ్లు "ఐ విల్ కీప్ ద ఫోన్" చేస్తారు, దానికి ఇంగ్లీష్‌లో అర్థం ఫోన్ నా దగ్గరే ఉంచుకుంటాను అని. "ఐ యామ్ కటింగ్ ద కాల్" అంటే మొహం మీద తలుపేసినట్టు ఉంటుంది.

ఫోన్ సంభాషణలు ఎలా ముగుస్తాయో 1973లో షెగ్లాఫ్, శాక్స్ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు రికార్డింగులు పెట్టుకుని పరిశీలించారు. వాళ్లు చూపించినది ఏమిటంటే, జనం నేరుగా "బై"లోకి దూకరు. ముందు ఒకరు "ఓకే" అనో "వెల్" అనో ఒక ఖాళీ మాట వదులుతారు. అంటే నా దగ్గర కొత్త విషయం లేదు, నీ దగ్గర ఉంటే చెప్పు అని. అవతలివాళ్లు కూడా "ఓకే" అంటే అప్పుడే బై. మనం మొరటుగా అనిపించేది ఈ మధ్య మెట్టు దాటేయడం వల్లే. ఇంగ్లీష్ తక్కువై కాదు.

నేను ఇలా దిగుతాను. ముందు చేయబోయే పని చెబుతాను: "ఆల్‌రైట్ సర్, సో ఐ విల్ సెండ్ ద కొటేషన్ బై ఫైవ్ దిస్ ఈవెనింగ్." ఇక్కడ ఆగుతాను. ఆయన "ఓకే, గుడ్" అంటాడు, లేదా "వన్ మోర్ థింగ్" అంటాడు. ఉంటే వింటాను. తర్వాత "థాంక్యూ ఫర్ కాలింగ్, సర్. బై." ఆయన బై వినపడ్డాక కూడా ఒకటి, రెండు అనుకుని అప్పుడు ఎర్ర బటన్ నొక్కుతాను. ఆలస్యం ఉన్న లైన్‌లో మన బై అవతలికి చేరేలోగా కట్ చేస్తే, ఆయనకు సగం మాటలో కట్ చేసినట్టే ఉంటుంది.

కొందరు ముగించనివ్వరు. మా కొనుగోలుదారుల్లో ఒక పెద్దాయన ఆర్డర్ అయ్యాక వర్షాల దగ్గర మొదలుపెట్టి మనవరాలి పెళ్లిదాకా చెబుతాడు. మంచి మనిషి, కానీ గేటు దగ్గర లారీ హారన్ కొడుతుంటుంది. అప్పుడు కారణం, టైమ్ రెండూ కలిపి చెప్పాలి: "సర్, ద లారీ హ్యాజ్ కమ్ ఫర్ లోడింగ్. కెన్ ఐ కాల్ యు ఎట్ ఫోర్?" కారణం ఒక్కటే చెబితే వదిలించుకున్నట్టు, టైమ్ చెబితే మళ్లీ కలుస్తున్నట్టు. చెప్పిన నాలుగింటికి చేయాలి మరి. "ఐ విల్ కాల్ యు లేటర్" అనేది మన "చూద్దాంలే" లాంటిది, ఎవరూ నమ్మరు. కారణం ఏమీ లేకపోతే "ఐ వోంట్ టేక్ మోర్ ఆఫ్ యువర్ టైమ్, సర్" ఉంది. ఆయన టైమ్ కాపాడుతున్నట్టు ఉంటుంది కాబట్టి ఎవరికీ కోపం రాదు.

కాల్ అయిన ఐదు నిమిషాల్లో అట్ట మీది కాగితం చూసి ఒక మెసేజ్ పెట్టండి. సైజు, మందం, ముక్కలు, మొత్తం చదరపు అడుగులు, తేదీ, వారం. చివర ఒకే ప్రశ్న, ఇది సరేనా అని. జవాబు వచ్చేదాకా రంపం తిప్పకూడదని మా ఓనరు రూలు పెట్టాడు.

కొచ్చి ఆయన ఇప్పటికీ మా దగ్గరే కొంటాడు. మొన్న ఫోన్ చేసి సైజు, మందం చెప్పాడు, ముక్కల దగ్గరికి వచ్చి ఒక క్షణం ఆగాడు. "ఫిఫ్టీ," అన్నాడు, "ఫైవ్ జీరో." నేను అడగలేదు.